ఎవరి కొరకు ఈ ఖర్చు?

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను సామెత నెరుగని తెలుగు కుటుంబము లేదు. ఈ రెండు పనులలోను మనుష్యుడు తాననుకొన్నదానికంటె ఎక్కువ ఖర్చులో పడునని మన పెద్దల అనుభవము. లూకా సువార్త పదునాలుగవ అధ్యాయము తెరచి చూచినయెడల ఈ రెండు సంగతులును అక్కడ కూడ ఒకదాని వెంబడి ఒకటి కనబడును. మొదట విందునుగూర్చిన బోధ యున్నది. విందు చేయునప్పుడు మనలను తిరిగి పిలువగలవారిని కాక, బదులు చేయుటకు శక్తిలేని బీదలను పిలువవలెనని ప్రభువు తన్ను భోజనమునకు పిలిచినవానితో చెప్పెను. తరువాత గోపురమునుగూర్చిన ఉపమానమున్నది. కట్టగోరినవాడు ముందు కూర్చుండి, పని ముగించుటకు తన యొద్దనున్నది చాలునో చాలదో లెక్క చూచుకొనునని అందలి భావము. ఈ రెండవ మాట శిష్యత్వమునకు చెల్లించవలసిన వెలను గూర్చినదే గాని గృహస్థుల జమాఖర్చులను గూర్చినది కాదు. అయినను లెక్క చూడక పని మొదలుపెట్టినవాడు నవ్వులపాలగునన్నది వినువారందరికి తెలిసిన సంగతియే గనుక ప్రభువు దానిని ఉపమానముగా వాడెను.

చేయి విప్పుమని ఒక బోధ; లెక్క చూచుకొనుమని ఒక బోధ. ఒకే పెండ్లిలో ఈ రెంటికిని చోటు దొరకునా? పెండ్లి ఖర్చు వ్రాయుటకు కూర్చున్న యౌవనస్థులకు ఈ ప్రశ్న నిజముగా ఎదురగును. దానిని ఊరకే చర్చించుటకంటె ఒక చిన్న కథగా చూచుట మేలు. కథ కల్పితమే. ఇందులోని మనుష్యులు కూడ కల్పితులే. లెక్కను మాత్రము సరిగా చూతము.

గుంటూరు జిల్లాలో తెనాలికి సమీపమున ఒక పల్లె. సంవత్సరము 2023. వరుడు ప్రసాదరావు ఇరువది తొమ్మిదేండ్లవాడు. ఒక ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయుడు. నెలకు 18,000 రూపాయల జీతము. వధువు కరుణ ఒక ఆసుపత్రిలో నర్సు, ఆమెకు 16,000. ప్రధానము జరిగినది. కట్నము పుచ్చుకొనునది లేదని ప్రసాదరావు మొదటనే చెప్పెను. కరుణ తండ్రి మాత్రము, "కట్నం కాదు బాబూ, లాంఛనంగా ఒక మోటారుసైకిలు" అని బ్రతిమాలెను. పేరు మార్చినంత మాత్రమున వస్తువు మారదు. 1961వ సంవత్సరపు వరకట్న నిషేధ చట్టము క్రైస్తవులకును వర్తించును. ఇచ్చినవారును పుచ్చుకొన్నవారును దోషులే. శిక్ష సామాన్యముగా అయిదేండ్లకు తక్కువ కాని చెరసాల. ప్రసాదరావు ఆ చట్టము మాట ఎత్తలేదు. "మామగారూ, నాకు నడిచిపోయే దూరంలోనే బడి ఉన్నదండి" అని మాత్రము చెప్పి ఊరకుండెను. పెండ్లి ఖర్చు తామిద్దరు కూడబెట్టిన సొమ్ములోనుండి పెట్టుకొందుమని వధూవరులు నిశ్చయించిరి. ఆమెయొద్ద 1,20,000, అతనియొద్ద 1,35,000; వెరసి 2,55,000 రూపాయలు.

ఒక ఆదివారము ఆరాధన తరువాత ఇరువైపుల బంధువులును కూర్చుండి జాబితా వ్రాయించిరి. బంగారము నాలుగు కాసులు, అనగా 32 గ్రాములు. గ్రాము 5,500 చొప్పున 1,76,000. తరుగు, మజూరీ కలిపి నూటికి పండ్రెండు. ఆ మొత్తముమీద పన్ను నూటికి మూడు. అన్నియు చేరి సుమారు 2,03,000. భోజనములు ఆరువందల మందికి తలకు 180 చొప్పున 1,08,000. పందిరి, కుర్చీలు, వేదిక అలంకారము, దీపములు 75,000. ఫోటోలు, వీడియో 60,000. బట్టలు 55,000. శుభలేఖలు, పూలు, కారు, బ్యాండు 42,000. ఆలయపు ఖర్చులు, పాస్టరుగారికి కానుక, పాటల బృందమువారికి ఉపాహారము 12,000. కూడిక వేసి చూడగా 5,55,000. ఉన్నది 2,55,000. సరిగా మూడు లక్షలు తక్కువ.

ప్రసాదరావు మేనమామ నవ్వి, "దీనికేమిటిరా ఆలోచన? రెండు రూపాయల వడ్డీకి మూడు లక్షలు నేను ఇప్పిస్తాను. పెండ్లినాడు చదివింపులు వస్తాయి. ఆరు నెలలు తిరిగేసరికి బాకీ ఉండదు" అనెను. కూర్చున్నవారందరును తలలు ఊపిరి.

ఆ రాత్రి ప్రసాదరావు తన ఇంటి పెట్టె అడుగుననుండి ఒక పాత నోటుపుస్తకము తీసెను. అది 2012లో జరిగిన అతని అక్క పెండ్లి చదివింపుల పుస్తకము. ఎవరు ఎంత చదివించినది తండ్రి చేతి వ్రాతలో ఉన్నది. మొత్తము 64,000. పెండ్లి మరునాడే అది పందిరివానికిని కిరాణా కొట్టుకును పోయినది. చేసిన అప్పు రెండు లక్షలు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. అనగా నెలకు 4,000, ఏటికి 48,000. అయిదేండ్లు తండ్రి వడ్డీ మాత్రమే కట్టగలిగెను. ఆ అయిదేండ్లలో కట్టిన వడ్డీ 2,40,000. అసలు రెండు లక్షలును అట్లే నిలిచియున్నవి. 2017లో తల్లి తన గాజులను, గొలుసును అమ్మి, చీటీ పాడి, అసలు తీర్చెను. మధ్యలో, 2015లో, ప్రసాదరావు డిగ్రీ ముగించి బి.ఇడి.లో చేరవలసినవాడు చేరలేదు. వచ్చిన చిన్న ఉద్యోగము పట్టుకొనెను. ఈనాటికిని అతని జీతము 18,000 దగ్గర నిలుచుటకు అదియొక కారణము.

ఆ పుస్తకములో ఇంకొక సంగతి కూడ ఉన్నది. కొన్ని పేర్ల ప్రక్కన ఎఱ్ఱసిరాతో గుర్తులున్నవి. ఆ యింట పెండ్లి వచ్చినప్పుడెల్ల అంతకు తక్కువ కాకుండ తిరిగి చదివించినట్లు తల్లి పెట్టించిన గుర్తులవి. చదివింపులు ఆదాయము కాదు. అది వడ్డీలేని అప్పు. తీర్చవలసిన దినమును మనము కాక ఎదుటివారు నిర్ణయింతురు. అప్పు తీర్చుటకు చదివింపులను నమ్ముకొనువాడు ఒక అప్పును మరియొక అప్పుతో తీర్చబూనుచున్నాడు.

మరునాడు అతడు కరుణతో, "ఒక్క రూపాయి అప్పు చేయడానికి నేను ఒప్పుకోను. భోజనాలు రెండువందల మందికి చాలు. అక్కడే డెబ్బదిరెండువేలు మిగులుతాయి" అనెను.

కరుణ ముఖము మారినది. "ఏది తగ్గించినా తగ్గించండి. విందును మాత్రం ముట్టుకోవద్దండి. ఆరువందలు కూడ చాలవు. ఏడువందలు వ్రాయండి."

"నలుగురిలో గొప్పగా కనబడాలనా?"

"మీకు మనుషులకంటె రూపాయలే ముఖ్యమా?"

నాలుగు దినములు ఇద్దరును మాటలాడుకొనలేదు. ఆమెకు ఆడంబరము ప్రీతియని అతడును, అతనిది పిసినారి బుద్ధియని ఆమెయు తలంచిరి. ప్రధానమైన తరువాత ఎదుటివాని గుణమును బయటపెట్టు మొదటి పరీక్ష ఇట్లు తరచుగా ఖర్చుల కాగితమే తెచ్చును. అయితే ఆ కాగితముమీద అంకెలున్నవి గాని కారణములు లేవు. 1,08,000 అను అంకెను చూచి దాని వెనుక ఏమున్నదో ఎవరు చెప్పగలరు?

వివాహ ప్రకటనలకు పేర్లిచ్చుటకై ఇద్దరును పాస్టరుగారి యింటికి వెళ్లిరి. ఆయన వారి ముఖములు చూచి సంగతి గ్రహించెను. ప్రసంగము చేయలేదు. రెండు తెల్ల కాగితములిచ్చి, వానిమీద నిలువుగా ఒక గీత గీయించెను. "ఎడమప్రక్క మీరు ఎన్నటికీ వదలుకోలేనివి వ్రాయండి. కుడిప్రక్క అది ఎవరి కొరకో వ్రాయండి. పేరు వ్రాయాలి. నలుగురు, జనం, బంధువులు అని వ్రాయకూడదు. పేరు లేని మనుషులకు భయపడతామే గాని వారిని ప్రేమించలేము. ఒకరి కాగితం ఒకరు చూడవద్దు" అని చెప్పి లోపలికి పోయెను.

పావుగంట తరువాత కాగితములు మార్చుకొనిరి.

కరుణ కాగితముమీద మొదటి పంక్తిలో "భోజనము" అనియు, దాని ఎదుట "మరియమ్మవ్వ" అనియు ఉన్నది. ప్రసాదరావు ఆ పేరు ఎన్నడు వినలేదు. అప్పుడు ఆమె చెప్పినది. ఆమె పెద్దక్క పెండ్లినాడు మూడు బంతులు సాగినవి. కలుపు తీయబోయిన కూలీలు మధ్యాహ్నము రెండు దాటిన తరువాత పొలమునుండి వచ్చి, కాళ్లు కడుగుకొని, నాలుగవ బంతికి కూర్చుండిరి. విస్తళ్లు వేసిరి, అన్నము వచ్చినది, కూర రాలేదు. పప్పుచారు కూడ అడుగంటినది. మరియమ్మవ్వ లేచి, "ఫర్వాలేదులే అమ్మా, ఇంట్లో గంజి ఉంది" అని చెప్పి, విస్తరి మడిచిపెట్టి వెళ్లిపోయెను. ఆనాడు కరుణకు పదునారేండ్లు. నీళ్లు పోయుచుండినది ఆమెయే. "ముందు బంతుల్లో కూర్చున్నవాళ్లు రెండుసార్లు వేయించుకున్నారండి. చివర కూర్చున్నది మాత్రం మా పేటవాళ్లే. మా నాన్న ఇప్పటికీ ఆ వీధిలో తల ఎత్తి నడవడు" అనెను.

ప్రసాదరావు కాగితముమీద మొదటి పంక్తిలో "అప్పు లేకుండుట" అనియు, ఎదుట "నాన్న" అనియు ఉన్నది. ఆమెకు అతడు నోటుపుస్తకము తెచ్చి చూపెను. వడ్డీ కట్టిన అయిదేండ్ల లెక్క ఆమె వ్రేలితో ఒక్కొక్క నెల చూచినది. ఏమియు అనలేదు.

ఇంతలో ఇద్దరికి ఒకేసారి ఒక విషయము తోచెను. వారి రెండు కాగితములమీదను వేదిక అలంకారము లేదు. వీడియో లేదు. కారు లేదు, బ్యాండు లేదు. అవి ఎవరు కోరినవి? జాబితా వ్రాసిననాడు అక్కడ కూర్చున్న ప్రతివాడును, ఎదుటివానికి కావలెనేమో యని తలంచి, వద్దనలేక ఊరకుండెను. ఈ విధముగా ఎవరికిని అక్కరలేనివి అందరి సమ్మతిమీద జాబితాలో చేరినవి. తాము తగవులాడుకొన్న భోజనముల ఖర్చు జాబితాలో అయిదవ వంతు కూడ కాదు. తగవు రాని వస్తువులే తక్కినదంతయు మ్రింగుచుండెను.

ప్రసాదరావు కాగితముమీద రెండవ పంక్తి కూడ ఒకటి యున్నది. "బంగారము - అమ్మ." దీనిని కొట్టివేయుటకు వీలులేకపోయెను, పేరున్నది. అయితే పాస్టరుగారు తిరిగి వచ్చి చూచి, "ఆమె పేరు వ్రాశావు సరే. ఆమెను అడిగావా?" అనెను. అడుగలేదు. ఇంటికి వెళ్లి అడిగిరి. తల్లి చాలసేపు ఊరకుండి, "నాలుగు కాసులని మీ మామయ్య అన్నాడురా. నేననలేదు. నా గాజులు పోయిననాటినుండి నా కోడలి మెడలో నా చేతితో ఏదో ఒకటి వేయాలని ఉన్నది. అది కాసైతే ఏమి, అరకాసైతే ఏమి?" అనెను. ఆమెకు కావలసినది తూకము కాదు, తన చేయి. ఒక కాసులో మంగళసూత్రము, ఉంగరములు చేయింప నిశ్చయించిరి. తరుగు, మజూరీ, పన్ను కలిసి 51,000 అయినది. బంగారము దాచుకొన్న సొమ్మేకదాయని కొందరందురు. అది సగము నిజము. అమ్మబోయిననాడు తరుగు, మజూరీ, పన్ను తిరిగిరావు. నాలుగు కాసులమీద అవి 27,000 వరకు అగును. చేతిలోని సొమ్ముతో కొన్నవానికే ఆ నష్టమైనప్పుడు, ఏటికి నూటికి ఇరువదినాలుగు వడ్డీకి అప్పు తెచ్చి కొనువాడు దాచుకొన్నది ఏమి?

రెండవ జాబితా ఇట్లయినది. బంగారము 51,000. భోజనములు ఏడువందల మందికి 84,000. ఆలయపు ఆవరణములోనే వేపచెట్టు నీడను శామియానా, కుర్చీలు, అద్దె పాత్రలు 28,000. ఒక్క ఫోటోగ్రాఫరుకు 12,000. బట్టలు 30,000. నూరు శుభలేఖలు, పూలు 8,000. తక్కినవారిని ఇంటింటికి వెళ్లి నోటితో పిలుచుట. ఆలయపు ఖర్చులు మొదటివలెనే 12,000. మొత్తము 2,25,000. మిగిలిన 30,000లో ఇరువదివేలు వానకును, కరెంటు పోయిన జనరేటరుకును, అనుకొనని ఇతర ఖర్చులకును ప్రక్కన పెట్టిరి. పదివేలు క్రొత్త కాపురపు మొదటినెల అద్దెకును సామానులకును.

తలకు 180 రూపాయల భోజనమును 120కి తెచ్చుట ఎట్లు? పట్టణపు క్యాటరింగువారిని మాని, ఊరి వంటవాండ్రను పెట్టి, సరుకులు తామే కొనిరి. ఏడు రకములు మాని అన్నము, కోడికూర, పప్పుచారు, పెరుగు, ఒక తీపి పెట్టిరి. సరుకుల లెక్కను కరుణ తానే చూచినది. ఇటువంటి విందునకు కిలో బియ్యము ఏడుగురికి వచ్చునని వంటవాడు చెప్పెను. ఏడువందల మందికి నూరు కిలోలు. ఇంకొక ఇరువదిఅయిదు కిలోల బస్తాను విప్పకుండ పొయ్యి ప్రక్క ఉంచిరి. చాలకపోయిన ముప్పావుగంటలో క్రొత్తగా వండవచ్చును. మిగిలిన కొట్టువాడు తిరిగి తీసికొనును. విందులో అన్నము తక్కువగుట అరుదు. తక్కువగునది కూర, దానిని అప్పటికప్పుడు వండలేము. మొదటి బంతిలో గరిటె ఎంత పెద్దదైన కడపటి బంతికి అంత కొరత. కాబట్టి కరుణ వంటవానితో ఒక షరతు చేసినది. కూర దించగానే అయిదింట ఒక వంతు వేరే గుండిగలోనికి తీసి, మూతపెట్టి, దానిని తన తండ్రికి అప్పగించవలెను. పొలమునుండి కూలీలు వచ్చి కూర్చుండువరకు ఆ మూత తీయరాదు, వధువు అడిగినను సరే.

పెండ్లి జరిగినది. అన్నియు చక్కగా జరిగినవని చెప్పుట నిజము కాదు. మేనమామ అక్షింతలు వేసి భోజనము చేయకుండ వెళ్లెను. మొదటి బంతిలో కూర్చున్న ఒక పెద్దమనిషి, "కూర చూచి చూచి వేస్తున్నారే!" అని అందరు వినునట్లు అనెను, వరుని తండ్రి తల వంచుకొనెను. ఆ మాట ఆ యింట ఎన్నో దినములు నొప్పించినది. వీడియో లేకపోయెనే యని కరుణయే ఒకసారి అనుకొనినది. మధ్యాహ్నము రెండున్నరకు పొలమునుండి వచ్చినవారు నాలుగవ బంతికి కూర్చుండిరి. కరుణ తండ్రి గుండిగ మూత తీసి, గరిటె తానే పట్టెను. మరియమ్మవ్వకు చూపు మందగించినది. విస్తరిలో చేయి పెట్టి తడిమి, "ఇంక చాలు నాయనా, చాలు" అనెను. ఆయన ఇంకొక గరిటె వేసెను.

కథ ఇంతవరకే. ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము.

చేయి విప్పుటయు లెక్క చూచుటయు ఒకదానికొకటి శత్రువులని ఆ యిద్దరు యౌవనస్థులు మొదట తలంచిరి. కరుణ లూకా పదునాలుగవ అధ్యాయములోని విందును పట్టుకొనినది. ప్రసాదరావు గోపురమును పట్టుకొనెను. ఇద్దరిదియు ధర్మమే. తగవు ఈ రెండు ధర్మముల మధ్య లేదు. ఈ రెంటికిని చోటు లేకుండ చేసిన మూడవది ఒకటి యున్నది. దాని పేరు "నలుగురేమనుకొందురో". ఆ నలుగురిని ఎవరును చూడలేదు. వారికి ఆకలి లేదు గనుక వారిని తృప్తిపరచుట ఎవరి తరమును కాదు. మరియమ్మవ్వ మూడు గరిటెలకు చాలుననెను. ఆ నలుగురు ఏ వేదికకును చాలుననరు.

అయితే ఈ కొలతను కూడ జాగ్రత్తగా వాడవలెను. పేరు వ్రాసినంతనే ఖర్చు న్యాయమగునని తలంచరాదు. తన ముచ్చటకు తల్లి పేరు పెట్టుకొనుట సులభము, అందుచేతనే పాస్టరుగారు "ఆమెను అడిగావా?" అనిరి. నాలుగు కాసులు ఒక కాసైనది ఆ ఒక్క ప్రశ్నవలననే. అడిగిన తరువాత కూడ అది నిజముగా తల్లి కోరికయై, దానికి సొమ్ము లేకపోయినయెడల? అప్పుడు కాగితముమీద మూడవ గడి ఒకటి గీయవలెను. ఎవరి కొరకు అని మాత్రమే కాదు, ఎవరి మీద? అప్పునకును ఒక పేరుండును. మేనమామ ఇప్పింతునన్న మూడు లక్షలకు నెలకు ఆరువేల వడ్డీ. అది ఆ దంపతుల ఇద్దరి జీతములో ఆరవ వంతునకు మించినది. అసలులో ఒక్క రూపాయి తగ్గకముందే ఇది పోవును. అక్క పెండ్లి అప్పు తీర్చినది తండ్రి యని లోకము తలంచెను. నిజముగా తీర్చినది చదువు మానుకొన్న తమ్ముడు, గాజులమ్మిన తల్లి. ఆనాటి జాబితాలో వారి పేర్లు ఏ గడిలోను లేవు. ఒకరియందలి ప్రేమచేత మరియొకరిమీద వారెరుగకుండ భారము మోపుటను విందు అనవచ్చునా?

వివాహమునకు నిజముగా కావలసినదెంత? 1872వ సంవత్సరపు భారత క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము లైసెన్సు పొందిన బోధకుడు జరుపు వివాహమునకు నోటీసు, ధ్రువపత్రము, బోధకుడు, ఆయన గాక ఇద్దరు సాక్షులు కావలెను. చట్టము అడుగునది అంతే. తక్కినదంతయు మనము చేర్చునది. చేర్చరాదని కాదు. కానాలో ద్రాక్షారసము తక్కువైనప్పుడు ప్రభువు అది అనవసరమైన ఖర్చుయని ఊరకుండలేదు. ఆ యింటివారి సిగ్గును కప్పెను. విందులో సమృద్ధి ఆయనకు అయిష్టము కాదు. అయినను అక్కడ నింపబడినవి రాతి బానలు. ఎవరి మెడమీదను అప్పుపత్రము పెట్టబడలేదు.

ప్రధానమైన బిడ్డలు గల తలిదండ్రులారా, వచ్చే ఆదివారము జాబితా వ్రాయుటకు కూర్చున్నప్పుడు ముందు మూల్యములు వేయకుడి. వస్తువు ఎదుట పేరు వ్రాయుడి. ఆ మనిషిని అడుగుడి. ఆ భారము మోయబోవువాని పేరు కూడ వ్రాసి, అతనిని కూడ అడుగుడి. ఈ మూడు గడులును నిండిన పంక్తులను కూడి చూడుడి. ఆ మొత్తము మీయొద్ద ఉన్నదానికి మించియుండవచ్చును. అప్పుడు నిజమైన ప్రేమలలోనుండియే కొంత విడువవలసివచ్చును, అది నొప్పి కలిగించును. కాని విడుచుచున్నది ఎవరిదో ఎరిగి, వారి సమ్మతితో విడుచుదురు. మొదటి బంతివారు కూర చాలలేదని సణుగుకొనవచ్చును. కడపటి బంతికొరకు మూతపెట్టిన గుండిగ ఎక్కడనున్నదో ఆ యింటి యజమానునికి తెలిసియున్న చాలును.